ఎగరని విమానానికి కట్టిన డబ్బు

2023 మే 2న గో ఫస్ట్ విమానయాన సంస్థ దివాలా పరిష్కారం కోరుతూ ఢిల్లీలోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించింది. మర్నాటి నుంచి ఆ సంస్థ విమానాలు నేల మీదే ఉండిపోయాయి. మొదట రెండు మూడు రోజులే అన్నారు. ఆ తర్వాత వాయిదా మీద వాయిదా వేసుకుంటూ పోయారు. అసలే వేసవి సెలవులు, పిల్లలతో ప్రయాణాల కోసం నెలల ముందే టికెట్లు కొని పెట్టుకున్న వాళ్లు వేలకొద్దీ ఉన్నారు. వాళ్లందరికీ సంస్థ నుంచి వచ్చిన కబురు ఒకటే: విమానాలు రద్దయ్యాయి, ఏ మార్గంలో డబ్బు కట్టారో అదే మార్గంలో పూర్తి మొత్తం త్వరలో తిరిగి ఇస్తాం.

మే 10న ట్రిబ్యునల్ ఆ దరఖాస్తును స్వీకరించింది. దాంతో సంస్థ మీద దావాలు, వసూళ్లు సాగకుండా మారటోరియం అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా ప్రయాణికులుగా ఉన్నవాళ్లు ఒక్కసారిగా అప్పులవాళ్లయ్యారు. అదీ తనఖా పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకుల వెనకాల, వరుసలో బాగా దూరంగా నిలబడాల్సిన అప్పులవాళ్లు. 2025 జనవరిలో ట్రిబ్యునల్ ఆ సంస్థను మూసేసి ఆస్తులు అమ్మమని ఆదేశించింది.

అయితే కార్డుతో టికెట్టు కొన్నవాళ్లకు ఆ వరుసతో పనిలేని దారి ఇంకొకటి ఉంది. దాని పేరు ఛార్జ్‌బ్యాక్. బ్యాంకు ఉద్యోగులు దీన్ని మామూలుగా ‘డిస్ప్యూట్ వేయడం’ అంటారు. ఈ మాట చాలామంది విన్నారు. ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లు తక్కువ. తెలియకపోవడం వల్లే న్యాయంగా రావాల్సిన డబ్బు కూడా రెండు చిన్న పొరపాట్లతో పోతుంటుంది. ఫారంలో తప్పు కారణం ఎంచుకోవడం ఒకటి, ఆ కారణానికి సరిపోని కాగితాలు జతచేయడం రెండోది.

కార్డు గీకినప్పుడో, ఆన్‌లైన్‌లో నంబరు కొట్టినప్పుడో డబ్బు నేరుగా వ్యాపారి చేతికి పోదు. కార్డిచ్చిన బ్యాంకు ఒకవైపు, వ్యాపారి తరఫున డబ్బు అందుకునే బ్యాంకు ఇంకోవైపు ఉంటాయి. రెంటినీ కలిపేది వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్క్. ఈ నెట్‌వర్క్‌లో చేరిన ప్రతి బ్యాంకూ ఒక షరతుకు ఒప్పుకునే చేరుతుంది. వ్యాపారి సొమ్ము తీసుకుని సేవ అందించకపోతే, కార్డుదారు బ్యాంకు ఆ మొత్తాన్ని వ్యాపారి బ్యాంకు నుంచి వెనక్కి లాగవచ్చు. వ్యాపారి దగ్గర డబ్బు లేకపోయినా సరే, నష్టం ముందుగా ఆ వ్యాపారి బ్యాంకుది.

కీలకమంతా ఇక్కడే ఉంది. నెలల ముందు డబ్బు తీసుకుని తర్వాత సేవ అందించే విమానయాన సంస్థలంటే బ్యాంకులకు కాస్త భయమే. అందుకే సంస్థ పరిస్థితి బాగాలేదని తెలియగానే టికెట్ల అమ్మకం డబ్బులో కొంత భాగాన్ని దానికి ఇవ్వకుండా తమ దగ్గరే అట్టిపెట్టుకుంటాయి. ప్రయాణికుడు వేసే డిస్ప్యూట్ సంస్థ మీద వేసే దావా కాదు. రెండు బ్యాంకుల మధ్య నెట్‌వర్క్ నియమాల ప్రకారం జరిగే లెక్క సర్దుబాటు అది. క్రెడిట్ కార్డుకే కాదు, డెబిట్ కార్డుకూ ఈ దారి ఉంది. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐతో పంపిన డబ్బుకు మాత్రం ఈ కార్డు నియమాలు వర్తించవు. దాని ఫిర్యాదు పద్ధతి వేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఉండే ఒక కుటుంబం 2023 మార్చి 10న ఢిల్లీకి నాలుగు టికెట్లు క్రెడిట్ కార్డుతో కొన్నదనుకోండి. ఖరీదు 26,400 రూపాయలు, ప్రయాణం మే 20న. మే రెండో వారంలో రద్దు సందేశం వచ్చింది. నెల గడిచినా డబ్బు రాలేదు. జులై మూడో వారంలో ఆ ఇంటాయన బ్యాంకుకు ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే జవాబు బహుశా ఇలా ఉంటుంది: “సార్, ట్రాన్సాక్షన్ అయ్యి నూట ఇరవై రోజులు దాటిపోయింది, ఇక డిస్ప్యూట్ తీసుకోలేం.”

లెక్క వేస్తే మార్చి 10 నుంచి 120 రోజులు జులై 8తో ముగిసిన మాట నిజమే. కానీ ఆ లెక్క వేయాల్సింది అక్కడి నుంచి కాదు. సేవ ఇంకా అందాల్సి ఉన్న కొనుగోళ్లలో, సేవ అందుతుందని కార్డుదారు ఎదురుచూసిన చివరి తేదీ నుంచి 120 రోజులు లెక్కపెట్టాలని వీసా, మాస్టర్‌కార్డ్ నియమాలు చెబుతాయి. ఆ తేదీ మే 20. అంటే గడువు సెప్టెంబరు 17 దాకా ఉంది. దీనికి బయటి హద్దు కూడా ఒకటుంది, డబ్బు కట్టిన రోజు నుంచి 540 రోజులు. ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగి ముందున్న తెర మీద లావాదేవీ తేదీ ఒక్కటే కనిపిస్తుంది. ప్రయాణ తేదీ చెప్పాల్సిన బాధ్యత మనదే. అందుకే అర్జీలో మొదటి వాక్యంలోనే ప్రయాణ తేదీ రాయడం మంచిది. అలాగని గడువు చివరిదాకా ఆగడం తెలివైన పని కాదు. కొన్ని బ్యాంకులు తమ ఫారంలో ఇంకా తక్కువ గడువు పెట్టుకుంటాయి, పైగా బ్యాంకు లోపల ఫైలు కదలడానికీ కొన్ని రోజులు పడుతుంది.

ఇక కాగితాలు. ఈ కుటుంబానికి కావాల్సినవి నిజానికి ఎక్కువేం లేవు. పీఎన్ఆర్ నంబరు, ప్రయాణికుల పేర్లు, తేదీ ఉన్న ఈ-టికెట్టు ముందుగా కావాలి. దాంతోపాటు కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ 26,400 పడిన పేజీ, విమానం రద్దయిందని సంస్థ పంపిన మెయిలో సందేశమో జతచేయాలి. నాలుగోదాన్నే చాలామంది మరిచిపోతారు. రీఫండ్ కావాలని సంస్థను అడిగినట్లు, జవాబు రానట్లు చూపే మెయిల్ అది. వ్యాపారితో ముందు తేల్చుకునే ప్రయత్నం చేశారా అన్నది బ్యాంకు అడిగే తొలి ప్రశ్న. “ఫోన్ చేశానండీ, ఎత్తలేదు” అంటే చెల్లదు. తేదీతో మెయిల్ ఉండాలి. వెబ్‌సైటే మూతపడితే మూతపడిన పేజీ స్క్రీన్‌షాట్ అయినా ఉండాలి.

పూర్తి మొత్తం తిరిగి ఇస్తామన్న సందేశాన్ని గో ఫస్ట్ ప్రయాణికులు చాలామంది విసుగుతో తుడిచేసి ఉంటారు. నిజానికి వాళ్ల చేతిలో ఉన్న బలమైన కాగితం అదే. సేవ అందలేదన్న కారణంతో వేసే డిస్ప్యూట్ ఒక రకం. వీసా నియమాల్లో దాని సంఖ్య 13.1. డబ్బు తిరిగి ఇస్తామని రాసిచ్చి ఇవ్వలేదన్నది ఇంకో రకం, దాని సంఖ్య 13.6. రెండో దాంట్లో వాదించడానికి అవతలివాళ్లకు పెద్దగా ఏమీ మిగలదు, ఇస్తామన్నది వాళ్లే కాబట్టి. అయితే ఇస్తామన్న తేదీ నుంచి కనీసం పదిహేను రోజులు ఆగాకే ఈ రెండో రకం వేయనిస్తారు. ఈ సంఖ్యలు గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు. చేతిలో ఉన్న కాగితం ఏ కారణానికి సరిపోతుందో చూసి, ఫారంలో ఆ కారణం ఎంచుకుంటే చాలు.

అర్జీ రాయడం కూడా పెద్ద విద్యేం కాదు. ఆ కుటుంబం ఇలా రాస్తే సరిపోయేది: “1234తో ముగిసే నా కార్డు మీద 2023 మార్చి 10న 26,400 రూపాయలకు టికెట్లు కొన్నాను. ప్రయాణ తేదీ మే 20. విమానాన్ని సంస్థే రద్దు చేసింది. వేరే విమానం గానీ, వోచరు గానీ నేను తీసుకోలేదు. మే 25న రీఫండ్ అడిగాను, ఇప్పటివరకు రాలేదు. సేవ అందనందున పూర్తి మొత్తానికి ఛార్జ్‌బ్యాక్ వేయగలరు.” ఇందులో సంస్థ మీద కోపం లేదు, పిల్లల సెలవులు పాడైన గోడు లేదు. ఫైలు చూసే గుమాస్తాకు కావాల్సినవి మాత్రం అన్నీ ఉన్నాయి. కార్డు చివరి నాలుగు అంకెలు మాత్రమే రాయాలి. వెనకనున్న మూడంకెల సీవీవీ, ఓటీపీ ఏ డిస్ప్యూట్‌కూ అక్కర్లేదు. అడిగారంటే వాళ్లు బ్యాంకువాళ్లు కాదు.

‘వేరే విమానం గానీ, వోచరు గానీ తీసుకోలేదు’ అన్న వాక్యం ఊరికే రాసింది కాదు. సంస్థ విమానాన్ని రద్దు చేసినప్పుడు వేరే విమానమో, డబ్బో ఎంచుకునే హక్కు ప్రయాణికుడికి ఉందని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ నియమాలు చెబుతాయి. క్రెడిట్ కార్డుతో కొన్న టికెట్టుకు రద్దయిన ఏడు రోజుల్లో డబ్బు వెనక్కి వేయాలన్నదీ ఆ నియమాల్లోనే ఉంది. కానీ ఆ గందరగోళంలో ఫోన్‌కు వచ్చిన లింకు నొక్కి క్రెడిట్ షెల్‌కు ‘సరే’ అన్నారంటే, డబ్బుకు బదులు మరొకటి పుచ్చుకున్నట్లే లెక్క. ఆ తర్వాత వేసిన డిస్ప్యూట్ నిలబడటం కష్టం. మూతపడేలా ఉన్న సంస్థ ఇచ్చే వోచరు విలువ ఎంతో వేరే చెప్పాలా?

ప్రయాణికుడు తానే మానుకున్న ప్రయాణానికీ ఛార్జ్‌బ్యాక్ రాదు. జ్వరం వచ్చి వెళ్లలేకపోయినా, పెళ్లి వాయిదా పడినా, టికెట్టు మీద ‘నాన్ రీఫండబుల్’ అని ఉంటే ఆ షరతే చెల్లుతుంది. అలాంటప్పుడు వెనక్కి రావాల్సిన పన్నులు, రుసుముల కోసం సంస్థనే అడగాలి.

ట్రావెల్ పోర్టల్ ద్వారా కొన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. విమానం ఒకరిది, డబ్బు తీసుకున్నది ఇంకొకరు. పోర్టల్‌ను అడిగితే ‘ఎయిర్‌లైన్ నుంచి మాకు రావాలి’ అంటారు, ఎయిర్‌లైన్‌ను అడిగితే ‘మీరు కొన్నది అక్కడ’ అంటారు. ఈ బంతాట మధ్యలో నెలలు గడిచిపోతాయి. ఛార్జ్‌బ్యాక్‌కు సంబంధించినంత వరకు దీనికి తేలికైన తీర్పు ఉంది. స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరు పడిందో డిస్ప్యూట్ వాళ్ల మీదే వెళుతుంది. పోర్టల్ పేరుంటే పోర్టల్ మీద, ఎయిర్‌లైన్ పేరుంటే ఎయిర్‌లైన్ మీద. రీఫండ్ అడిగిన మెయిల్ కూడా ఆ పేరు గలవాళ్లకే వెళ్లి ఉండాలి. అందుకని మొదటి రోజే ఇద్దరికీ కలిపి ఒకే మెయిల్ పంపేయడం మేలు.

కొన్నిసార్లు అవతలివాళ్లు ‘రీఫండ్ ఎప్పుడో వేసేశాం’ అంటారు, ఖాతాలో మాత్రం కనిపించదు. అప్పుడు అడగాల్సింది ఏఆర్ఎన్ నంబరు. కార్డు మీద నిజంగా రీఫండ్ వేస్తే 23 అంకెల ఈ నంబరు పుడుతుంది. అది ఇస్తే మన బ్యాంకు ఆ డబ్బు ఎక్కడ ఆగిందో వెతికి చెప్పగలదు. నంబరు ఇవ్వలేకపోతే రీఫండ్ ఇంకా బయల్దేరలేదనే అనుకోవాలి. ఆ అడిగిన మెయిల్, ఇవ్వలేకపోయిన జవాబు కూడా ఫైలులో చేర్చాల్సిన కాగితాలే.

ఆన్‌లైన్ ఆర్డరు రాని సందర్భంలో నియమం ఇదే అయినా కాగితాలు మారతాయి. విమానం ఎగిరిందా లేదా అన్నది ఊరందరికీ తెలుస్తుంది. పార్సిల్ ఇంటికి వచ్చిందా లేదా అన్నది మాత్రం ఒకరి మాట మీద ఒకరి మాట. అమ్మినవాడు డిస్ప్యూట్‌కు జవాబుగా కొరియర్ ట్రాకింగ్ పేజీ తీసి చూపిస్తాడు, అందులో ‘డెలివర్డ్’ అని ఉంటుంది. అంతటితో చాలా కేసులు పోతాయి.

18,499 రూపాయల ఫోన్‌కు కార్డుతో డబ్బు కట్టారు, ఏప్రిల్ 12లోగా వస్తుందన్నారు, 11వ తేదీ సాయంత్రం ‘డెలివర్డ్’ అని సందేశం వచ్చింది, ఇంటికి మాత్రం ఏమీ రాలేదు అనుకుందాం. ఆ సాయంత్రమే చేయాల్సిన పని ఉంది. అమ్మిన సంస్థకూ, కొరియర్‌కూ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, డెలివరీ రుజువు కాపీ అడగాలి. సంతకం ఎవరిది, ఓటీపీ ఏ నంబరుకు వెళ్లింది, ఇచ్చిన చోటు ఎక్కడ అన్నవి అందులో తేలతాయి. సంతకం తెలియని పేరుతో ఉన్నా, చిరునామా పిన్‌కోడ్ వేరుగా ఉన్నా, డెలివరీ వేళకు ఇంట్లో ఎవరూ లేరని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రిజిస్టరు చూపినా కేసు మనవైపు తిరుగుతుంది. మూడు వారాల తర్వాత ఇవేవీ దొరకవు. ఆర్డరు నిర్ధారణ పేజీలో రావాల్సిన తేదీ స్పష్టంగా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి, 120 రోజుల లెక్కకు ఆ తేదీయే ఆధారం. తేదీ అసలే ఇవ్వని చోట డబ్బు కట్టాక కనీసం పదిహేను రోజులు ఆగమంటారు.

సోషల్ మీడియా ప్రకటనల్లో సగం ధరకు చీరలు, బూట్లు అమ్మే దొంగ సైట్లది ఇంకో పద్ధతి. ఆర్డరు చేసిన వస్తువు బదులు పాత గుడ్డ ముక్కో, ఖాళీ పెట్టెనో నిజంగానే పంపుతారు. ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ పడటమే వాళ్లకు కావాలి. ఇలాంటప్పుడు ‘పార్సిల్ అందలేదు’ అని డిస్ప్యూట్ వేస్తే ఓడిపోతారు, ఎందుకంటే ఏదో ఒకటి అందింది. ‘చెప్పిన వస్తువు కాదు’ అన్న కారణం ఎంచుకోవాలి. పార్సిల్ మీది లేబుల్ ఫొటో, అందులో రాసిన బరువు, పెట్టె విప్పేటప్పుడు తీసిన వీడియో, సైటులో ఆ వస్తువు పేజీ స్క్రీన్‌షాట్, వెనక్కి తీసుకోమని పంపిన మెయిల్ కావాలి. కిలో బరువుండాల్సిన బూట్ల పెట్టె మీద 150 గ్రాములని ఉంటే ఆ లేబులే సాక్షి. ఇలాంటి సైట్లు ఎక్కువ రోజులు బతకవు కాబట్టి ఫొటోలు వెంటనే తీయాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఒక గడి. బ్యాంకు యాప్‌లో ఫిర్యాదు పెట్టేటప్పుడు మొదటి ఎంపికగా ‘ఈ లావాదేవీ నేను చేయలేదు’ అన్నది కనిపిస్తుంది. మోసపోయామన్న కోపంలో చాలామంది అదే నొక్కుతారు. అది కార్డు దొంగతనానికి సంబంధించిన గడి. బ్యాంకు వెంటనే కార్డును బ్లాక్ చేస్తుంది, లావాదేవీ రికార్డు తీసి చూస్తుంది, మీ ఫోన్‌కే ఓటీపీ వెళ్లిందని తేలుతుంది, ఫిర్యాదు కొట్టివేస్తుంది. ఆ తర్వాత ‘కాదు కాదు, నేనే కొన్నాను, వస్తువు రాలేదు’ అంటే మన మాటను మనమే కాదన్నట్లవుతుంది. సున్నా బాధ్యత, మూడు రోజుల్లో చెప్పడం అంటూ వినిపించే రిజర్వ్ బ్యాంక్ 2017 నియమాలు కూడా ఆ దొంగ లావాదేవీలకు చెందినవే. వాటిని ఇక్కడ ఉటంకించి లాభం లేదు.

డిస్ప్యూట్ వేశాక కొన్ని బ్యాంకులు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేస్తాయి. డబ్బు వచ్చేసిందని సంబరపడి ఖర్చు పెట్టుకోకూడదు. వ్యాపారికి జవాబు చెప్పుకునే గడువు ఉంటుంది. అతను ఆధారాలు పంపితే జమ చేసింది వెనక్కి తీసుకుంటారు. అప్పుడు బ్యాంకు మనకు ఆ ఆధారాల కాపీ పంపి కొద్ది రోజుల్లో జవాబు అడుగుతుంది. చాలామంది ఈ రెండో ఉత్తరాన్ని చూడను కూడా చూడరు, గెలవాల్సిన కేసు అక్కడ పోతుంది. వ్యాపారి చూపిన సంతకం మీది కాకపోతే, ఆ మాట గడువులోగా రాసి పంపితే వ్యవహారం ఇంకో మెట్టు ముందుకు వెళుతుంది.

ఈలోపు కార్డు బిల్లు సంగతేమిటి? వివాదంలో ఉన్న మొత్తాన్ని బిల్లు నుంచి పక్కన పెట్టారో లేదో బ్యాంకును రాతలో అడగాలి. ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు. పక్కన పెట్టామని రాసివ్వకపోతే కట్టేయడమే క్షేమం. డిస్ప్యూట్ గెలిచినా ఆలస్యపు రుసుము, వడ్డీ, క్రెడిట్ స్కోరు మీద పడ్డ మచ్చ తీయించుకోవడం వేరే తలనొప్పి. కొన్నదాన్ని ఈఎంఐగా మార్చి ఉంటే వాయిదాలు వాటంతట అవి ఆగవు, అది కూడా అదే అర్జీలో రాయాలి. మధ్యలో సంస్థే రీఫండ్ వేస్తే ఆ విషయం బ్యాంకుకు చెప్పి డిస్ప్యూట్ ఉపసంహరించుకోవాలి. రెండు వైపులా వచ్చిన డబ్బు దాచుకుంటే ఎలాగూ బయటపడుతుంది.

ఛార్జ్‌బ్యాక్ మన దేశంలో చట్టం ఇచ్చిన హక్కు కాదు, నెట్‌వర్క్ నియమం. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు పరిస్థితి వేరు. అక్కడ 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపున్న వస్తువో సేవో క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మినవాడితో సమానంగా కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి. అమెరికాలోనూ 1974 నాటి చట్టమే ఉంది. అక్కడ క్రెడిట్ కార్డు మీద ఆ పద్దు చూపే మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. హైదరాబాద్ రావడానికి అక్కడి కార్డుతో టికెట్టు కొన్న విద్యార్థి అక్కడి గడువు చూసుకోవాలి.

మన దగ్గర బ్యాంకు డిస్ప్యూట్ తీసుకోనంటే ఏం చేయాలి? కార్డుదారు ఏదైనా బిల్లును ప్రశ్నిస్తే ముప్పై రోజుల్లోగా వివరణ ఇవ్వాలని, అవసరమైన చోట రాతపూర్వక ఆధారాలు చూపాలని రిజర్వ్ బ్యాంక్ 2022 ఏప్రిల్‌లో కార్డు సంస్థలను ఆదేశించింది. కాబట్టి ముందు బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు పెట్టి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ‘120 రోజులు దాటింది’ అన్న జవాబు వస్తే, ప్రయాణ తేదీ నుంచి లెక్క వేసి చూపుతూ మళ్లీ రాయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదు బ్యాంకు పనితీరు మీద. విమాన సంస్థ మీదైతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవా పోర్టల్ ఉంది, ఆన్‌లైన్ అమ్మకందారు మీదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు, వకీలు అవసరం కూడా లేదు. బ్యాంకుకు పంపిన అర్జీ, ఫిర్యాదు నంబరు, వచ్చిన జవాబు జతచేస్తే చాలు.